తక్కువ స్టైపెండ్ ఇంటర్న్‌షిప్‌కి ఇంట్లోవాళ్లని ఒప్పించడం ఎలా: లెక్కతో సహా పూర్తి మార్గదర్శి

ఫైనలియర్ మొదటి సెమిస్టర్ పరీక్షలు అయిపోగానే ఒంగోలు, కావలి, నెల్లూరు వైపు పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇంటర్న్‌షిప్ వచ్చింది సార్, డబ్బులు తక్కువ. ఇంట్లో ఒప్పుకోవడం లేదు. ఎట్టా చెప్పాలి?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు వరసగా ఇక్కడ రాస్తున్నాను.

అర్థం కావడానికి ఒకే కేసు తీసుకుని మొదటి నుంచి చివరిదాకా నడిపిస్తాను. టంగుటూరు దగ్గర ఒక పల్లె అనుకోండి. నాన్న పొగాకు రైతు, ఆకు కాల్చే సొంత బ్యారన్ ఉంది. అమ్మాయి బీటెక్ కంప్యూటర్స్ చివరి సెమిస్టర్. హైదరాబాద్‌లో పాతికమంది పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఇంటర్న్‌గా 6 నెలలు, జనవరి నుంచి జూన్ దాకా. నెలకి 8,000. మీ కోర్సు, మీ ఊరు వేరైనా లెక్క వేసే పద్ధతీ మాట్లాడే వరసా ఇవే.

ఇంట్లోవాళ్లు పైకి అనేది "ఎనిమిది వేలేనా?" అని. లోపల ఉన్న భయం వేరు. ఇది ఎప్పుడు అయిపోతుంది? మొత్తం మన చేతినుంచి ఎంత పోతుంది? కుదరకపోతే ఏంది? ఈ మూడింటికీ జవాబు లేకుండా "ఎక్స్‌పీరియన్స్ వస్తుంది నాయనా" అని పదిసార్లు చెప్పినా పని జరగదు. అందుకే మాటలకంటే ముందు కాగితం తయారు చేసుకోవాలి.

## 1. ముందు మీరే తేల్చుకోండి: ఈ ఇంటర్న్‌షిప్ పనికొస్తుందా?

తక్కువ డబ్బులిచ్చేవన్నీ మంచివి కావు. కొన్నింటి విషయంలో మీ నాన్న భయమే కరెక్టు. అలాంటిదానికి ఇంట్లో గొడవపడి వెళ్లడం కంటే మానుకోవడం నయం. అందుకని ఇంట్లో నోరు విప్పకముందే కంపెనీ వాళ్లని మెయిల్‌లో ఈ నాలుగు అడగండి. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు, రాతలో ఉండాలి.

రోజూ నేను చేసే పని ఏంటి? "టీమ్‌తో కలిసి నేర్చుకుంటారు" అన్నది జవాబు కాదు. "బిల్లింగ్ యాప్‌కి టెస్ట్ కేసులు రాయాలి, దొరికిన తప్పుల్ని జిరా అనే సాఫ్ట్‌వేర్‌లో నమోదు చేయాలి, మూడో నెల నుంచి ఏపీఐ టెస్టింగ్" అంటే అది జవాబు.

నా పని ఎవరు చూస్తారు? ఒక మనిషి పేరు చెప్పగలగాలి. పదిమంది ఇంటర్న్‌లకి ఒక్క సీనియర్ కూడా లేని చోట మీకు నేర్పేవాళ్లు ఉండరు.

చివర్లో ఏం ఇస్తారు? చేరిన తేదీ, ముగిసిన తేదీ, చేసిన పని రాసిన లెటర్ కావాలి. "ఇంటర్న్‌షిప్ పూర్తి చేశారు" అని రంగుల అంచుతో వచ్చే సర్టిఫికెట్ ఒక్కటే అయితే దానికి విలువ తక్కువ.

స్టైపెండ్ ఏ తేదీన, ఏ రూపంలో? బ్యాంకు ఖాతాకి రావాలి. ఈ ప్రశ్నకి తడబడ్డారంటే మిగతా మూడు జవాబులు కూడా మళ్లీ చూసుకోండి.

ఇక ఈ మూడింట్లో ఒక్కటి ఎదురైనా అక్కడితో ఆపేయండి:

- ట్రైనింగ్ ఫీజు, రిజిస్ట్రేషన్, "తిరిగిచ్చే డిపాజిట్" పేరుతో డబ్బు అడగడం
- టెన్త్, ఇంటర్, డిగ్రీ ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకుంటామనడం
- మధ్యలో మానేస్తే లక్షో రెండు లక్షలో కట్టాలని బాండ్ రాయించుకోవడం

కంపెనీ అసలు ఉందో లేదో చూడటానికి mca.gov.in లో పేరు వెతకండి. ఎప్పుడు రిజిస్టర్ అయిందీ, ఇప్పుడు యాక్టివ్‌గా ఉందా అన్నది కనిపిస్తుంది. రిజిస్టర్ అయినంత మాత్రాన మంచి కంపెనీ అని కాదు. కాకపోతే రిజిస్ట్రేషనే లేని "ప్రైవేట్ లిమిటెడ్" అయితే ఇంక ఆలోచించే పనే లేదు. అక్కడ ఇంతకుముందు ఇంటర్న్‌గా చేసినవాళ్లని లింక్డ్‌ఇన్‌లో పట్టుకుని ఇద్దరితో మాట్లాడండి. "ఇప్పుడు ఎక్కడ చేస్తున్నారు? మీకు స్టైపెండ్ టైముకి పడిందా?" అని రెండు ముక్కలు అడిగితే చాలు.

## 2. లెక్క కాగితం మీద పెట్టండి

ఇది ఎగ్గొట్టి నేరుగా మాటల్లోకి దిగేవాళ్లే ఎక్కువ. రైతు ఇంట్లో నోటిలెక్క చెల్లదు. ఎకరాకి ఎంత పెట్టారో, కట్టెలకి ఎంత, కూలీలకి ఎంత అని పైసాతో చెప్పగలిగిన మనిషి ముందు "ఏదో సరిపోతుందిలే" అంటే అక్కడే నమ్మకం పోతుంది.

మన టంగుటూరు అమ్మాయి లెక్క ఇలా ఉంది. మీ హాస్టల్ రేట్లు కనుక్కుని మీ అంకెలు వేసుకోండి.

నెల ఖర్చు:

- హాస్టల్, భోజనంతో: 7,000
- బస్సు, ఆటో: 1,300
- ఫోన్, సబ్బులు, మందులు, చిల్లర: 1,500
- నెలకోసారి ఇంటికి రానుపోను: 700
- మొత్తం: 10,500

వచ్చేది 8,000. నెలకి 2,500 తక్కువ. 6 నెలలకి 15,000. దీనికి మొదట్లో ఒక్కసారి పెట్టే ఖర్చు కలపాలి: హాస్టల్ అడ్వాన్సు 3,000, పరుపు, బకెట్ లాంటివి 2,000. అడ్వాన్సు తిరిగి రాదనే వేసుకోండి, వస్తే మంచిదే. అన్నీ కలిపి ఇంటినుంచి పోయేది 20,000.

ఇక్కడే చాలామంది మర్చిపోయేది ఒకటుంది. మొత్తం నష్టం 20,000 అయినా, మొదటి స్టైపెండ్ చేతికొచ్చేలోపు కావలసింది అంతకంటే ఎక్కువ. జనవరి జీతం ఫిబ్రవరి 10కి పడుతుందనుకోండి. అప్పటికి మొదటి ఖర్చు 5,000, జనవరి ఖర్చు 10,500, ఫిబ్రవరి ఒకటో తేదీ హాస్టల్ 7,000 అయిపోయి ఉంటాయి. అంటే 22,500.

జనవరి, ఫిబ్రవరి అంటే పొగాకు ఇంట్లో చేతిలో రూపాయి ఆడని రోజులు. నాట్లు, ఎరువులు, కూలీలకి పెట్టిందంతా చేలోనే ఉంటుంది. ఆకు రెలుపుతుంటారు, బ్యారన్ మండుతుంటుంది, కట్టెలకి ఇంకా పెడుతూనే ఉంటారు. వేలం మొదలై బేళ్లు అమ్ముడైతేగానీ డబ్బు రాదు. నాన్న "ఇప్పుడెందుకమ్మా" అన్నప్పుడు ఆయన అడ్డుపడుతున్నది ఇంటర్న్‌షిప్‌కి కాకపోవచ్చు, జనవరికి కావచ్చు. కాబట్టి ఆ 22,500 ఎక్కడినుంచి వస్తుందో కాగితంలో రాసి ఉండాలి. అమ్మాయి తను దాచుకున్న స్కాలర్‌షిప్ డబ్బు 6,000, మేనమామ దగ్గర చేబదులు 10,000, మిగతా 6,500 మాత్రం ఇంటినుంచి అని వేసుకుంది. చేబదులు వేలం డబ్బు వచ్చాక ఏప్రిల్‌లో తీర్చాలి. ఇలా రాస్తే నాన్నకి కనిపించేది ఆరున్నర వేలు. ఆ అంకె మీద మాట్లాడుకోవడం తేలిక.

చెరువులో రొయ్యలేసిన ఇల్లయినా, చీమకుర్తిలో గ్రానైట్ క్వారీకి లారీ తిప్పే ఇల్లయినా పద్ధతి ఇదే. మీ ఇంట్లో డబ్బు ఏ నెలలో ఆడుతుంది, ఏ నెలలో ఆడదు అన్నది ముందు చూసుకోండి.

దీని పక్కనే రెండో లెక్క కూడా పెట్టండి. ఇంటర్న్‌షిప్ వద్దనుకుంటే ఇంట్లో చెప్పే ప్రత్యామ్నాయం సాధారణంగా "అమీర్‌పేటలో కోర్సు చేరు". కోర్సు ఫీజు 20,000, నాలుగు నెలలు అదే హాస్టల్, అవే ఖర్చులు 42,000, మొదటి ఖర్చు 5,000. మొత్తం 67,000, వచ్చేది సున్నా. చూసేసరికి ఎనిమిది వేలు అంత తక్కువగా అనిపించవు.

ఒక మినహాయింపు. అదే లైన్లో 15,000 ఇచ్చే ఉద్యోగం ఆఫర్ లెటర్‌తో చేతిలో ఉంటే ఇంటర్న్‌షిప్ కోసం వాదించకండి. ఉద్యోగంలో చేరండి.

## 3. ఎప్పుడు, ముందు ఎవరితో?

వేలంలో కొనేవాళ్లు లేక బేలుకి నో బిడ్ పడిన రోజు, బ్యారన్ దగ్గర రాత్రంతా మేల్కొని వచ్చిన పొద్దు, బ్యాంకువాళ్ల ఫోన్ వచ్చిన సాయంత్రం ఈ మాట ఎత్తొద్దు. ఇది చెప్పాల్సిన పని లేదనుకుంటాం గానీ, కంపెనీ "రేపటిలోగా చెప్పండి" అనగానే పిల్లలు చేసేది ఇదే. మంచి కంపెనీని మూడు నాలుగు రోజులు గడువు అడిగితే ఇస్తుంది. ఇవ్వనంటే అది కూడా మీకొక సమాచారమే.

వరస ఇలా పెట్టుకోండి. ముందు అమ్మ. అమ్మకి హాస్టల్, తిండి, రాకపోకల గురించి చెప్పాలి, డబ్బు తర్వాత. రెండోది, నాన్న ఎవరి మాట వింటాడో ఆ మనిషి. మేనమామో, పెద్దనాయనో, ఊళ్లో టీచరో. ఆయన్ని "మా నాన్నకి చెప్పు మామా" అని పంపకండి, అది నాన్నకి చిన్నతనంగా ఉంటుంది. మీ కాగితం ఆయనకి చూపించి "ఇందులో ఏం తప్పుంది మామా, నాయన ఏం అడుగుతాడు?" అనండి. ఆయన అడిగిన ప్రశ్నలకి జవాబులు కాగితంలో చేర్చుకోండి. తర్వాత నాన్న తనంతట తాను ఆయనకి ఫోన్ చేసినప్పుడు "చూశాలే బావా, పిల్ల లెక్క బాగానే వేసింది" అంటాడు. ఆ ఒక్క మాట మీ గంట వాదనకంటే ఎక్కువ పనిచేస్తుంది.

## 4. మాట మొదలుపెట్టే పద్ధతి

"నేను వెళ్తున్నా" అని మొదలుపెడితే గొడవ. "వెళ్లమంటావా?" అని మొదలుపెడితే వద్దనే అంటారు. మధ్యలో ఒక దారి ఉంది:

"నాయనా, చివరి సెమిస్టర్ కాలేజీలో క్లాసులు పెద్దగా ఉండవు. ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ చేసుకోమన్నారు. నాకు ఒకటి వచ్చింది. డబ్బులు తక్కువే, నెలకి ఎనిమిది వేలు. ఖర్చు పోను ఆర్నెల్లకి ఇంటినుంచి ఇరవై వేలు పెట్టాల్సి వస్తుంది. లెక్క రాశాను, నువ్వు చూసి ఎక్కడ తప్పుందో చెప్పు."

ఇందులో నాలుగు పనులు జరిగాయి. ఇది చదువులో భాగమని చెప్పారు. తక్కువ డబ్బన్నది మీరే ముందు ఒప్పుకున్నారు. మొత్తం నష్టం మీ నోటితోనే చెప్పారు. లెక్క చూడమని పెద్దరికం ఆయనకి ఇచ్చారు. ఇక ఆగి, కాగితం ఆయన చేతికిచ్చి, చదవనివ్వండి. చదువుతుంటే మధ్యలో మాట్లాడొద్దు.

తర్వాత చేసే పని ఏంటో చూపించాలి. "సాఫ్ట్‌వేర్ టెస్టింగ్" అంటే ఇంట్లో ఎవరికీ బొమ్మ కట్టదు. ఆయన ఫోన్ తీసుకుని చూపించండి. "ఎరువుల కొట్లో ఫోన్‌లో డబ్బు పంపేటప్పుడు సిగ్నల్ పోయి, డబ్బు పోయిందో లేదో తెలియక నిలబడ్డావు గదా నాయనా? బటన్ రెండుసార్లు నొక్కితే రెండుసార్లు కట్ అవుతుందా? మధ్యలో నెట్ పోతే ఏమవుతుంది? ఇట్టాంటివన్నీ జనం చేతికి రాకముందే కావాలని చేసి చూసి, తప్పు పట్టుకోవడమే నా పని." ఇంతే. కంపెనీ గొప్పలు, బిల్డింగు ఫొటోలు అక్కర్లేదు.

ఒక్క మాట మాత్రం వాడొద్దు: "ఇది నా భవిష్యత్తు మీద పెట్టుబడి." పొగాకు, రొయ్యలు చూసిన ఇళ్లలో పెట్టుబడి అంటే ఏంటో మీకంటే వాళ్లకే బాగా తెలుసు. "రొయ్యలకి వైరస్ వచ్చినట్టు ఇదీ పోతే?" అని అడుగుతారు, మీ దగ్గర జవాబు ఉండదు.

## 5. వాళ్లు అడిగేవి, మీరు చెప్పాల్సినవి

"ఇంత చదివించింది ఎనిమిది వేలకా?"

దీనికి జీతం గొప్పది అని వాదించొద్దు. ఎనిమిది వేలు ఎందుకు ఉపయోగమో చెప్పాలి. ఫ్రెషర్ ఇంటర్వ్యూలో ముందు అడిగేది "ఏం ప్రాజెక్టు చేశావు?" అని. చాలామంది పిల్లలు ప్రాజెక్టు సెంటర్లో కొనుక్కొచ్చింది చూపిస్తారు. అదే ప్రాజెక్టు అదే పేరుతో ఇంకో ఇరవైమంది దగ్గర ఉంటుంది. "ఇందులో నీకు దొరికిన కష్టమైన తప్పు ఏంటి?" అని రెండో ప్రశ్న వేయగానే నోరు పెగలదు. ఆర్నెల్లు నిజంగా పనిచేసిన పిల్ల అదే ప్రశ్నకి పది నిమిషాలు మాట్లాడుతుంది. తేదీలతో లెటర్ ఉంటుంది, పనితీరు చూసిన సీనియర్ ఉంటాడు. ఉద్యోగం ఇచ్చేవాళ్లు చూసేది ఈ మూడే. ఇంట్లో చెప్పేటప్పుడు ఇదే తేలిక మాటల్లో: "ఇంటర్వ్యూలో చెప్పడానికి ఇప్పుడు నా దగ్గర ఏమీ లేదు నాయనా. ఆర్నెల్ల తర్వాత ఉంటుంది."

"తర్వాత ఉద్యోగం ఇస్తారని గ్యారంటీ ఏంది?"

లేదు. ఆ మాటే చెప్పండి. ఇక్కడ అబద్ధమాడితే జూన్‌లో దొరికిపోతారు, ఆ తర్వాత ఇంట్లో మీ లెక్క ఎవరూ నమ్మరు. "గ్యారంటీ లేదు. వాళ్లు ఉంచుకుంటే సంతోషం. లేకపోతే వేరేచోట అప్లై చేసుకోవడానికి కావలసినవి చేతిలో ఉంటాయి. నాలుగో నెల నుంచే బయట ఇంటర్వ్యూలకి పోతాను" అనండి. గ్యారంటీ లేదని ఒప్పుకున్న పిల్లని ఇంట్లోవాళ్లు ఎక్కువ నమ్ముతారు. నేను చాలా ఇళ్లలో చూసిన సంగతి ఇది.

"ఆడపిల్లవి, ఒక్కదానివే అంత దూరం..."

దీనికి "ఈ రోజుల్లో ఏంది నాయనా" అన్నది జవాబు కాదు. ఆ భయానికి కారణాలున్నాయి, ఒక్కొక్కదానికీ పని జరగాలి. హాస్టల్ నాన్నో అమ్మో వచ్చి చూసి ఖాయం చేయాలి. సింహపురి ఎక్స్‌ప్రెస్‌కి సింగరాయకొండలో రాత్రి ఎక్కితే పొద్దున సికింద్రాబాద్‌లో దిగొచ్చు, ఒక్క రోజు పని. హాస్టల్‌కీ ఆఫీసుకీ మధ్య ఒకే బస్సు ఉండేలా చూసుకోండి, మారాల్సి వస్తే వద్దు. ఆఫీసు టైమింగ్స్ రాతలో తీసుకోండి, రాత్రి షిఫ్ట్ ఉందా లేదా అన్నది ముందే తేలాలి.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం జీతం తీసుకునే ఉద్యోగులకే కాదు, ట్రైనీలకీ అప్రెంటిస్‌లకీ వర్తిస్తుంది. పదిమంది లేదా అంతకుమించి పనిచేసే చోట ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండి తీరాలి. మన కంపెనీలో పాతికమంది ఉన్నారు కాబట్టి "కమిటీలో ఎవరెవరు ఉన్నారు?" అని హెచ్‌ఆర్‌ని మెయిల్‌లో అడగొచ్చు. పేర్లు చెబితే ఆ మెయిల్ ఇంట్లో చూపించండి. "అదేంటి?" అని వాళ్లే ఎదురడిగితే ఆ కంపెనీ గురించి మళ్లీ ఆలోచించండి.

"బ్యాంకు కోచింగ్‌కి పోరాదూ? గవర్నమెంట్ ఉద్యోగమైతే..."

గవర్నమెంట్ ఉద్యోగం వద్దనకండి, ఆ వాదనలో గెలిచినవాళ్లు లేరు. వయసు లెక్క చూపించండి. ఐబీపీఎస్ క్లర్క్‌కి జనరల్ కేటగిరీలో 28 ఏళ్ల దాకా, పీఓకి 30 దాకా రాయొచ్చు. రిజర్వేషన్ ఉన్నవాళ్లకి ఇంకా సడలింపు ఉంది. అమ్మాయికి 21. ఆర్నెల్లు పోయినా ఆ తలుపు మూసుకుపోదు. కానీ చివరి సెమిస్టర్ మళ్లీ రాదు. చదువు అయిపోయి ఏడాది ఖాళీగా ఉన్నాక ఇంటర్న్‌షిప్ దొరకడం కష్టమవుతుంది. "జూన్ దాకా ఇది చూస్తాను, కుదరకపోతే జూలైలో కోచింగ్‌లో చేరతాను" అంటే ఇద్దరి మాటా నిలబడుతుంది.

"పక్కింటి పిల్లోడు ఫ్యాక్టరీలో పద్దెనిమిది వేలు తెస్తున్నాడు"

తేనివ్వండి, మంచిదే. ఆ పిల్లోడిని తక్కువ చేసి మాట్లాడితే గొడవ ఊళ్లోకి పోతుంది. "వాడి లైను వేరు మామా. నేను చదివిన దానికి ఇక్కడ మన దగ్గర పని లేదు" అని ఒక ముక్కతో వదిలేయండి. ఊళ్లోవాళ్ల మాటలకి లెక్క కాగితం పనిచేయదు, అక్కడ టైం పోగొట్టుకోవద్దు.

## 6. గడువు కాగితం

ఒప్పించడంలో అసలు పని చేసేది ఇది. లెక్క కాగితం కిందే నాలుగు వాక్యాలు రాసి, తేదీ వేసి, ఇంట్లో ఉంచండి. మన అమ్మాయి రాసింది ఇలా:

- ఫిబ్రవరి చివరికి నా చేతికి సొంతంగా పని రాకపోతే, రోజంతా వీడియోలు చూడమనో ఎక్సెల్‌లో పేర్లు కొట్టమనో అంటుంటే, వచ్చేస్తాను.
- స్టైపెండ్ వరసగా రెండు నెలలు పడకపోతే వచ్చేస్తాను.
- ఏప్రిల్ ఒకటి నుంచి బయట ఉద్యోగాలకి అప్లై చేస్తాను.
- జూన్ తర్వాత అదే స్టైపెండ్‌కి "ఇంకో మూడు నెలలు" అంటే ఒప్పుకోను. జీతం రాసిన ఆఫర్ లెటర్ ఉంటేనే ఉంటాను.

నాలుగోది చాలా ముఖ్యం. ఆర్నెల్లు అయ్యాక "బాగా చేస్తున్నావు, ఇంకొన్నాళ్లు చూద్దాం" అని పొడిగించడం చిన్న కంపెనీల్లో మామూలు. అప్పటికి ఆ ఆఫీసు అలవాటైపోయి పిల్లలు కాదనలేరు. డిసెంబరులోనే రాసుకుంటే జూన్‌లో "ఇంట్లో ఒప్పుకోరు సార్" అని చెప్పడానికి నిజమైన కారణం ఉంటుంది.

సొంతంగా పని వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది? టెస్టింగ్‌లో అయితే రెండో నెల చివరికి మీ పేరుతో నమోదైన తప్పులు కొన్ని ఉండాలి, వాటిలో కొన్నింటిని డెవలపర్లు సరిచేసి ఉండాలి. మీరు రాసిన టెస్ట్ కేసులు వేరొకరు వాడుతుండాలి. ఇవేవీ లేకపోతే మీరు అక్కడ కూర్చుంటున్నారు గానీ పని చేయడం లేదు.

## 7. చేసే తప్పులు, సరిదిద్దే దారి

స్టైపెండ్ ఎక్కువ చేసి చెప్పడం. ఎనిమిదిని పన్నెండు అని చెప్పి, రెండో నెలలో డబ్బులు అడుగుతారు. ఇప్పటికే చెప్పేసి ఉంటే బయలుదేరకముందే సరిదిద్దండి. తిట్లు పడతాయి, అయినా తర్వాత కంటే ఇప్పుడే నయం.

అప్రెంటిస్‌షిప్, ఇంటర్న్‌షిప్ ఒకటే అనుకోవడం. అప్రెంటిస్‌షిప్‌కి 1961 నాటి చట్టం ఉంది, ఒప్పందం రిజిస్టర్ అవుతుంది, కనీస స్టైపెండ్ నిబంధనల్లో ఉంటుంది. మామూలు ప్రైవేటు ఇంటర్న్‌షిప్‌కి ఆ రక్షణ లేదు, మీ ఆఫర్ లెటర్‌లో రాసిందే లెక్క. ఇంట్లో ఎవరైనా "గవర్నమెంట్ రూలు ప్రకారం ఇంత ఇవ్వాలంట గదా" అంటే ఈ తేడా చెప్పండి.

కాలేజీకి చెప్పకుండా వెళ్లిపోవడం. ప్రాజెక్టు రివ్యూలు, వైవా తేదీలు ముందే కనుక్కుని, ఆ రోజులకి సెలవు కంపెనీ దగ్గర రాతలో తీసుకోండి. కాలేజీ నుంచి ఎన్‌ఓసీ లేకపోతే ఈ ఆర్నెల్లు మార్కుల్లోకి రాకుండా పోవచ్చు.

తమ్ముడినో చెల్లినో మధ్యవర్తిగా పెట్టడం. సగం విషయం పోతుంది, మిగతా సగం మారుతుంది. కాగితం మీరే ఇవ్వాలి.

## 8. బయలుదేరే ముందు సరిచూసుకోండి

- ఆఫర్ లెటర్: తేదీలు, స్టైపెండ్, పని వేళలు, మీ పని చూసే మనిషి పేరు
- కాలేజీ ఎన్‌ఓసీ, బోనఫైడ్, ఐడీ కార్డు
- ఒరిజినల్స్ ఇంట్లోనే, వెంట జిరాక్సులు
- హాస్టల్ చిరునామా, వార్డెన్ నంబరు, ఆఫీసు చిరునామా ఇంట్లో గోడ క్యాలెండర్ మీద
- మొదటి స్టైపెండ్ దాకా సరిపడే డబ్బు ఖాతాలో
- లెక్క కాగితం, గడువు కాగితం ఫొటో మీ ఫోన్‌లో, అసలుది ఇంట్లో

వెళ్లాక రోజూ ఒక నోట్‌బుక్‌లో మూడు ముక్కలు రాయండి: ఈ రోజు ఏం పరీక్షించాను, ఏం దొరికింది, ఎలా తేలింది. కంపెనీ కోడ్, కస్టమర్ల వివరాలు, స్క్రీన్‌షాట్లు అందులోకి రాకూడదు, బయటికి తేకూడదు. మీ సొంత మాటల్లో చేసిన పని చాలు. ఇంటర్వ్యూకి పోయేటప్పుడు ఈ నోట్‌బుక్కే చదువుకుంటారు. నెలకోసారి ఇంటికి ఫోన్‌లో లెక్క చెప్పండి: ఇంత వచ్చింది, ఇంత అయింది, రాసిన దానికంటే ఇంత ఎక్కువో తక్కువో.

## 9. అయినా వద్దంటే?

కొన్ని ఇళ్లలో వద్దనే అంటారు. అప్పుడు అలిగి అన్నం మానేయడం కంటే అడిగేదాన్ని చిన్నది చేయండి. "ఆర్నెల్లు వద్దు, ఫిబ్రవరి చివరిదాకా పంపండి, తర్వాత మీరే చెప్పండి" అనొచ్చు. గడువు కాగితంలో ఆ తేదీ ఎలాగూ ఉంది. లేదా కంపెనీని మొదటి నెల ఇంటినుంచి చేయనిస్తారా అని అడగండి. ఇంటినుంచి చేస్తే పక్కన కూర్చుని నేర్పే మనిషి ఉండడు, అందుకే దీన్ని ఒక నెలకి మించి ఒప్పుకోవద్దు. కానీ ఆ నెల రోజులూ పొద్దున తొమ్మిదిన్నరకి మీటింగులో కూర్చుని మాట్లాడటం, సాయంత్రం దాకా పని చేయడం అమ్మా నాన్నా కళ్లతో చూస్తారు. ఆ నెలలో హాస్టల్ ఖర్చు ఉండదు కాబట్టి వచ్చిన 8,000 అలాగే ఉంటుంది, ఇంటినుంచి అడగాల్సిన ఆరున్నర వేలు అందులోనే తీరిపోతాయి.

అదీ కుదరకపోతే ఒంగోలులోనో నెల్లూరులోనో ఇంటికొచ్చి పడుకునే దూరంలో ఏదైనా చిన్న ఆఫీసు చూసుకోండి. వెబ్‌సైట్లు చేసేవాళ్లు, హాస్పిటల్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చూసుకునేవాళ్లు, ఆక్వా కంపెనీల కంప్యూటర్ విభాగాలు రెండు టౌన్లలోనూ ఉన్నాయి. మొదటి సెక్షన్లో రాసిన నాలుగు ప్రశ్నలు అక్కడా అడగండి. ఊళ్లోవాళ్లు, తెలిసినవాళ్లు అని ఆఫర్ లెటర్ లేకుండా మాత్రం చేరొద్దు.